‘ఎగ్‌లెస్ కూడా చేస్తాం’ అంటున్నా ఆర్డర్లు రావట్లేదు – రెడింగ్, ఇంగ్లండ్

కృష్ణాతీరం · 2025 ఫిబ్రవరి 2

మా అక్క రెడింగ్‌లో ఉంటుంది. బావగారిది స్కిల్డ్ వర్కర్ వీసా, అక్కది డిపెండెంట్. అక్టోబర్‌లో ఇంట్లోనే కేకుల పని మొదలుపెట్టింది. కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకుంది, అధికారి వచ్చి వంటగది చూసి పరిశుభ్రతకి అన్నిటికన్నా పై రేటింగ్ 5 ఇచ్చి వెళ్ళారు. చేతిపనిలో వంక పెట్టేది లేదు. నవంబర్, డిసెంబర్, జనవరి మూడు నెలలూ కలిపి వచ్చిన ఆర్డర్లు మాత్రం పది.

ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో ఉన్న మాటలు ఉన్నట్టే రాస్తున్నా: “కేకులు, కప్‌కేకులు, బ్రౌనీలు, కుకీలు, ఎగ్‌లెస్ కూడా, కాజాలు, జంతికలు, అన్ని ఫంక్షన్లకు ఆర్డర్లు తీసుకోబడును.” మొత్తం ఇరవై మూడు రకాలు. అడిగేవాళ్ళు అడుగుతున్నారు. ధర చెప్పగానే, ఒక్కోసారి ధర దాకా రాకముందే, మాయమైపోతున్నారు. ధర ఎక్కువా, ఫోటోలు బాలేవా, ఇంకేదైనా ఉందా?

ఓరుగల్లు_రవి · ఫిబ్రవరి 2

అన్నా, గిది సింపుల్. రోజుకో రీల్ పెట్టాలె, అయిదు పౌండ్లు పెట్టి బూస్ట్ కొట్టాలె. మొదటి ఆర్డర్‌కు ఇరవై శాతం తగ్గింపు ఇయ్యాలె. జనాలకు కనపడకపోతే ఎట్ల కొంటరు? అక్క ఉన్నదని సగం మందికి తెల్వనే తెల్వదు.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 2

రవిగారూ, కనపడకపోవడమే జబ్బయితే మీ మందు సరైనదే. కానీ వాళ్ళు “అడిగేవాళ్ళు అడుగుతున్నారు” అన్నారు చూడండి. అడిగి వెళ్ళిపోయేవాళ్ళున్న చోట డబ్బు పెట్టి ఇంకొందరిని తెస్తే, వాళ్ళూ అడిగి వెళ్ళిపోతారు. కారే కుండలో నీళ్ళు పోయడమే.

కృష్ణాతీరం గారూ, ఒక పని చేయించండి. అక్కగారి వాట్సాప్ తెరిచి, నవంబర్ నుంచి ధర అడిగిన ప్రతి సంభాషణకూ కాగితం మీద ఒక గీత పెట్టమనండి. ఒక్కో దాని పక్కన మూడే విషయాలు రాయాలి. అడిగినవారి మొదటి ప్రశ్న, ఆర్డర్ అయిందా లేదా, కాకపోతే ఏ మాట తర్వాత వాళ్ళు ఆగిపోయారు. మూడోది చాలా ముఖ్యం. ఆవిడ చివరిగా ఏం టైప్ చేశాక అటునుంచి జవాబు ఆగిందో ఆ వాక్యాన్ని యథాతథంగా రాయాలి. “ధర నచ్చలేదేమో” అని మనం ఊహించి రాయకూడదు. గంటన్నర పని. అది చూడకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా చీకట్లో రాయి.

చెరుకుతోట · ఫిబ్రవరి 3

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టి అందరికీ ఒకేసారి ఒక మెసేజ్ కొట్టమనండి, అయిపోతుంది. మా కాలనీ టిఫిన్ ఆవిడ అదే చేస్తుంది.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 3

చెరుకుతోట గారూ, బ్రాడ్‌కాస్ట్‌లో ఒక చిక్కుంది. మన నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ఒక లిస్టులో పట్టేది 256 మంది. కాలనీలో రోజూ టిఫిన్ తెచ్చుకునేవాళ్ళు నంబర్ దాచుకుంటారు. ఏడాదికోసారి కేక్ కావలసినవాళ్ళు దాచుకోరు.

కృష్ణాతీరం · ఫిబ్రవరి 6

మాస్టారూ, లెక్క తీయించాను. అక్కా నేనూ కలిసి కూర్చున్నాం.

మొత్తం అడిగినవారు 34. అందులో 21 మంది మొదటి ప్రశ్న “ఎగ్‌లెస్ దొరుకుతుందా?” మిగతా 13 మంది ధరో తేదీయో డిజైనో అడిగారు. ఆ 13 మందిలో 7 ఆర్డర్లు అయ్యాయి. ఎగ్‌లెస్ అడిగిన 21 మందిలో అయినవి 3.

ఎగ్‌లెస్ వాళ్ళు ఎక్కడ ఆగారో చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. అక్క అందరికీ ఇంచుమించు ఒకే జవాబు ఇచ్చింది: “అవునండీ, ఎగ్‌లెస్ కూడా చేస్తాం, 3 పౌండ్లు ఎక్స్‌ట్రా.” 21 మందిలో 11 మంది ఆ వాక్యం తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. ధర మొత్తం తెలియకముందే.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 6

దొరికింది. ఆ వాక్యంలో ఆర్డర్‌ను చంపుతున్న మాట “కూడా”.

ఎగ్‌లెస్ అడిగే ఇల్లు ఎలాంటిదో ఊహించండి. పిల్లాడి పుట్టినరోజు శనివారం పడింది. ఇండియా నుంచి అమ్మమ్మగారు విజిట్ వీసా మీద వచ్చి ఉన్నారు, గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టరు. ఆ తల్లి ప్రశ్న పైకి “ఎగ్‌లెస్ దొరుకుతుందా” అని వినపడుతుంది. లోపలి ప్రశ్న వేరు: “మా అమ్మ ముందు ఈ కేక్ పెట్టి, నమ్మకంగా తినమ్మా అనగలనా?” దానికి “కూడా చేస్తాం” అంటే ఆమె చెవికి ఎలా వినపడుతుంది? పొద్దున అదే గిన్నెలో గుడ్లు గిలకొట్టారు, సాయంత్రం అదే గిన్నెలో మీది కలుపుతారు, అని. పైగా 3 పౌండ్లు ఎక్కువ. అంటే మీ అవసరం మాకొక అదనపు పని, దానికి జరిమానా కట్టండి అన్నట్టుంది.

మీ 34 మందిలో 21 మంది ఒకే విషయం అడుగుతుంటే ఆవిడ ప్రొఫైల్‌లో అది కాజాలకీ కుకీలకీ మధ్య ఇరుక్కుని ఉంది. నా మాట ఇది. మిగతావన్నీ తీసేసి గుడ్డు లేని పుట్టినరోజు కేకులు మాత్రమే అని చెప్పమనండి. అందులో “మాత్రమే” పోకూడదు.

ఓరుగల్లు_రవి · ఫిబ్రవరి 6

మరి గుడ్డు కేక్ కొన్న ఏడుగురి సంగతేంది మాస్టారూ? ఉన్నోళ్ళను పోగొట్టుకొని లేనోళ్ళ కోసం చూసుడా? ఎగ్‌లెస్ అంటే వీగన్ కూడా అయితది గదా, అది గుడ రాస్తే తెల్లోళ్ళు గుడ కొంటరు.

పిండిబొమ్మ · ఫిబ్రవరి 7

రవిగారూ, ఎగ్‌లెస్ వేరు, వీగన్ వేరు. మన ఎగ్‌లెస్ కేక్ నిలబడేదే పాలూ పెరుగూ వెన్నా కండెన్స్‌డ్ మిల్క్ మీద. పాలు పడనివాళ్ళు ఎవరైనా “వీగన్” చూసి తింటే అది ప్రాణాల మీదికి రావచ్చు. ఆ మాట దగ్గరికి కూడా పోకండి.

ఏడుగురి గురించి మీరడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న. దానికి సగం జవాబు వంటలో ఉంది. ఎగ్‌లెస్ స్పాంజ్ గుడ్డు స్పాంజ్ అంత బాగుంటే ఆ ఏడుగురిలో కొందరు మిగులుతారు. బాగా లేకపోతే మాట ఎంత స్పష్టంగా ఉన్నా రెండో ఆర్డర్ రాదు. కృష్ణాతీరం గారూ, అక్క ఎగ్‌లెస్‌కి ఏ కొలతలు వాడుతున్నారు?

కృష్ణాతీరం · ఫిబ్రవరి 7

తను గుడ్డు కేక్ కొలతే తీసుకుని గుడ్ల బదులు పెరుగు వేస్తోంది. సెల్ఫ్ రైజింగ్ పిండి, దానికి తోడు బేకింగ్ పౌడర్. ఒక్కోసారి బాగా వస్తుంది. ఒక్కోసారి మధ్యలో గుంట పడి అడుగున జిగురులా ఒక పొర ఉంటుంది. అందుకే ఎగ్‌లెస్ అంటే తనకే భయం, ఆ 3 పౌండ్లూ ఆ భయానికే అనుకుంటా.

పిండిబొమ్మ · ఫిబ్రవరి 7

అదే అనుకున్నా. ఇక్కడి సెల్ఫ్ రైజింగ్ పిండిలో పొంగించే సరుకు ముందే కలిపి ఉంటుంది. దాని మీద మళ్ళీ బేకింగ్ పౌడర్, పెరుగులోని పులుపు తోడైతే, పిండి ఓవెన్‌లో గబగబా లేస్తుంది. లేచిన గోడలను పట్టి ఉంచడానికి గుడ్డు లేదు కాబట్టి మధ్య కూలుతుంది. ప్లెయిన్ పిండి వాడి, పొంగించేది ఎంతో తనే కొలిచి వేసుకోవాలి.

8 అంగుళాల గుండ్రటి, లోతైన టిన్ను ఒకదానికి నేను చెప్పే కొలత ఇది. ప్లెయిన్ పిండి 250 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ 397 గ్రాముల టిన్ను మొత్తం, కరిగించి చల్లార్చిన వెన్న 115 గ్రాములు, గది వేడిమిలో ఉన్న పాలు 200 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ టీస్పూనున్నర, వంట సోడా అర టీస్పూను, వెనిగర్ ఒక టేబుల్‌స్పూను. విడిగా చక్కెర వద్దు, టిన్నులోదే చాలు. వెనిగర్ తప్ప తడివన్నీ ఒక గిన్నెలో, జల్లించిన పొడివి ఇంకో గిన్నెలో. రెండూ కలిపి పొడి పిండి కనపడకుండా పోగానే ఆపాలి. చివర్లో వెనిగర్ వేసి పదిసార్లు తిప్పి వెంటనే ఓవెన్‌లోకి. ఫ్యాన్ ఓవెన్ 160 డిగ్రీలు, 40 నుంచి 45 నిమిషాలు. మొదటి అరగంట తలుపు తీయకూడదు.

అడుగున జిగురు పొర రావడానికి సాధారణంగా రెండు కారణాలు. ఎక్కువసేపు కలపడం ఒకటి. కలిపిన పిండి ఓవెన్ కోసం ఎదురుచూడటం రెండోది. సోడాకి పులుపు తగలగానే గాలి పుట్టడం మొదలవుతుంది, పావుగంట ఆగితే ఆ గాలి గిన్నెలోనే పోతుంది. ఇక్కడి మామూలు ఇంటి ఓవెన్‌లో 8 అంగుళాల టిన్నులు ఒక అరలో రెండే పడతాయి. మూడో కేక్ పిండి ముందే కలిపి పెట్టుకోవడం కుదరదు, మొదటివి బయటికి వచ్చాకే కలపాలి. వారానికి ఎన్ని ఆర్డర్లు తీసుకోవచ్చో తేల్చేది ఇదే, ఇది గుర్తుంచుకోండి.

సోడా ఎక్కువైతే కేక్ లోపల ముదురు గోధుమరంగుకి తిరిగి సబ్బు రుచి వస్తుంది. అర టీస్పూను అంటే గీసి తీసిన అర టీస్పూను, గుట్టగా కాదు.

6 అంగుళాల టిన్నుకి ఇవన్నీ 0.56తో గుణించండి. సగం అనుకుని చేస్తే పొట్టిగా వస్తుంది.

లండన్‌లో_లలిత · ఫిబ్రవరి 8

కొలతలు బాగున్నాయి. ఆ “మాత్రమే” అన్న మాట దగ్గర నాకో అభ్యంతరం ఉంది. ఇంట్లో బావగారు ఆమ్లెట్ తింటారా?

కృష్ణాతీరం · ఫిబ్రవరి 8

ఆదివారం ఆదివారం. అదే వంటగది, అదే పొయ్యి. 😀

లండన్‌లో_లలిత · ఫిబ్రవరి 8

నవ్వులాట కాదండీ. ఇక్కడ “ఎగ్ ఫ్రీ” అని రాస్తే అది రుచి గురించి చెప్పే మాట అవదు, అలర్జీ ఉన్నవాళ్ళకి ఇచ్చే హామీ అవుతుంది. ఏ “ఫ్రీ” మాటైనా అంతే. గుడ్డు పడని పిల్లాడి తల్లి అది చదివి కొంటుంది. ఆదివారం ఆమ్లెట్ పెనం తోమిన స్పాంజ్‌తో సోమవారం కేక్ గిన్నె తోమితే ఆ హామీ అబద్ధం. అందుకని రెండు రకాల కొనుగోలుదారులను మనసులో వేరు చేసుకోవాలి. ఆచారం కోసం గుడ్డు వద్దనేవారు ఒకరు, ఒంటికి పడక వద్దనేవారు ఇంకొకరు. మీ అక్క మొదటివారికి మాట ఇవ్వగలదు. రెండోవారికి ఇప్పుడున్న వంటగదితో ఇవ్వలేదు.

మొదటివారికైనా ఇచ్చే మాట నిజమై ఉండాలి. కేకుల కోసం విడిగా గిన్నెలు, మిక్సర్ విస్క్, స్పాచులాలు, టిన్నులు, తోమే స్పాంజ్, తుడిచే గుడ్డ ఉండాలి. మూతపడే ఒక పెద్ద పెట్టెలో వేరే పెట్టుకోవాలి. గుడ్డు కేకులు చేసిన పాత చెక్క గరిటెలు, గీతలు పడ్డ ప్లాస్టిక్ గిన్నెలు ఇక కేకులకి వాడొద్దు. లోహపు టిన్నులు శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు, కొత్తవి కొంటే మాట ఇంకా సులువుగా చెప్పగలదు. ఆర్డర్ పని నడుస్తున్న రోజు వంటగదిలో గుడ్డు పగలకూడదు.

సరుకుల్లో దాక్కున్న గుడ్డు ఇంకో సంగతి. రాయల్ ఐసింగ్, మెరాంగ్ పౌడర్, కొన్ని మార్జిపాన్లు, దుకాణంలో దొరికే లెమన్ కర్డ్, కేక్ మీద పెట్టే గట్టి చక్కెర పూలు, వీటిలో గుడ్డు ఉండొచ్చు. ఇక్కడ పొట్లం మీద అలర్జీ పదార్థాలు బొద్దు అక్షరాల్లోనో మరోరకంగానో విడిగా కనపడేట్టు ముద్రిస్తారు కాబట్టి రెండు సెకన్ల పని, చదవాలంతే. గుడ్డు ఒక్కటే చూసి ఊరుకోకండి. అమ్మమ్మగారు జెలటిన్ కూడా తినరు. E120 అనే ఎర్ర రంగు పురుగుల నుంచి తీస్తారు. గులాబీ రంగు పూసలతో ముచ్చటగా అలంకరించి, చివర్లో ఎవరో పొట్లం వెనక చదివితే పరువు పోతుంది.

జెర్సీ_జానకి · ఫిబ్రవరి 9

ఇది చదివాక నాకూ మొదలుపెట్టాలని ఉంది. న్యూజెర్సీలో ఉంటా, హెచ్4 వీసా, పని అనుమతి కార్డు ఇంకా రాలేదు. ఇంట్లో కేకులు చేసి స్నేహితులకే అమ్మితే పర్లేదు కదా? ఇక్కడ హోమ్ బేకింగ్ చట్టబద్ధమే అంటున్నారు.

లండన్‌లో_లలిత · ఫిబ్రవరి 9

జానకిగారూ, రెండు వేరే సంగతులు కలిసిపోయాయి. న్యూజెర్సీ 2021 అక్టోబర్ నుంచి ఇంటి బేకింగ్‌కి పర్మిట్ ఇస్తోంది, నిజమే. అది ఆహారం గురించిన అనుమతి. మీరు డబ్బు సంపాదించవచ్చా అన్నది వీసా సంగతి. హెచ్4 మీద పని అనుమతి కార్డు లేకుండా అమ్మకం అంటే అనుమతి లేని పని కిందికే వస్తుంది, స్నేహితులకైనా సరే. కార్డు వచ్చేదాకా ఆగండి. ఇంగ్లండ్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌కి సొంత పని చేసుకునే వీలుంది, ఈ అక్కగారి దారి అందుకే సాఫీగా ఉంది.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 9

లలితగారు చెప్పాక నేను కూడా మాట మార్చుకుంటున్నా. “ఎగ్ ఫ్రీ” వద్దు. నిజంగా నిలబెట్టుకోగలిగే మాట ఇది:

“మా కేక్ గిన్నెల్లో గుడ్డు పడదు. పుట్టినరోజు కేకులు, రెడింగ్.”

ఇందులో ఏముందో చూడండి. ఎవరికి, ఏ సందర్భానికి, ఏ ఊళ్ళో, అన్నీ ఉన్నాయి. “రుచికరమైన”, “నాణ్యమైన” లాంటివి లేవు, అవి అందరూ రాసేవే. “గిన్నెల్లో” అన్న మాట మాత్రం మొత్తం బరువు మోస్తోంది. అమ్మమ్మగారి అసలు అనుమానం గిన్నె మీదే.

ఇప్పుడు దాన్ని ఎక్కడెక్కడ పెట్టాలో. ప్రొఫైల్ మొదటి వరుస. వాట్సాప్ బిజినెస్‌లో తనంతట తనే వెళ్ళే స్వాగత సందేశం మొదటి వాక్యం. కేక్ పెట్టె మీద స్టిక్కర్. ఇన్‌స్టాగ్రామ్‌లో పైన పిన్ చేసుకునే మూడు పోస్టుల్లో ఒకటి ఆ గిన్నెల పెట్టె ఫోటో. కేక్ ఫోటోలు ప్రతివాళ్ళూ పెడతారు, గిన్నెలు ఎవరూ చూపించరు. పాత గుడ్డు కేకుల ఫోటోలు డిలీట్ అక్కర్లేదు, ఆర్కైవ్ చేస్తే చాలు. కానీ ఒక్కటి మిగిలినా పైన రాసిన మాట పోయినట్టే.

రకాలు ఇరవై మూడు నుంచి నాలుగుకి రావాలి. 3 పౌండ్ల అదనం పూర్తిగా పోవాలి.

కృష్ణాతీరం · ఫిబ్రవరి 10

అక్క ఒప్పుకుంది, కాజాల దగ్గర మాత్రం కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. మా అమ్మ నేర్పిన కాజాలవి. నాలుగు రకాలు: రసమలై, మామిడి, చాక్లెట్, పిస్తా. 6, 8 అంగుళాలే.

ధర సంగతి చెప్పండి. 8 అంగుళాల రసమలైకి ఇప్పుడు 30 పౌండ్లు తీసుకుంటోంది.

పిండిబొమ్మ · ఫిబ్రవరి 10

ఖర్చు వేయండి ముందు. మూడు పొరలు, క్రీమ్, టిన్ను రసమలై, కుంకుమపువ్వు, పిస్తా కలిపితే సరుకులు ఎంతవుతున్నాయి? పెట్టె, అట్ట, కరెంటు?

కృష్ణాతీరం · ఫిబ్రవరి 11

సరుకులు 11, పెట్టె, అట్ట 3, కరెంటు 1 అనుకున్నాం. మొత్తం 15. మొదటినుంచి చివరిదాకా చేతిపని మూడున్నర గంటలు.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 11

అంటే 30లో మిగిలేది 15, గంటకి 4 పౌండ్ల 30 పెన్నీలు. 2025 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ళు నిండినవారికి ఇక్కడి కనీస వేతనం గంటకి 12.21. దాన్ని అందుకోవాలంటే ధర దాదాపు 58 ఉండాలి. ఒక్కసారిగా అంత పెంచమనను. 48 పెట్టమనండి, గంటకి 9.40 పడుతుంది. నాలుగే రకాలు కాబట్టి చెయ్యి అలవాటుపడి పని మూడు గంటలకి దిగితే 11 అవుతుంది. మెనూ తగ్గించడంలో ఉన్న అసలు డబ్బు అక్కడే.

ఓరుగల్లు_రవి · ఫిబ్రవరి 11

ముప్పై ఉంటేనే కొంటలేరు, నలభై ఎనిమిది అంటరు! చూద్దాం మరి.

కృష్ణాతీరం · జూన్ 3

చాలా రోజులైంది, లెక్క తెచ్చాను. ఫిబ్రవరి అంతా సర్దుకోవడానికే పోయింది. గిన్నెల పెట్టె, కొత్త టిన్నులు కొన్నాం. కొలతలు ఆరుసార్లు పరీక్షించాక గుంట పడటం ఆగింది. మార్చి 1 నుంచి కొత్త మాటతో, కొత్త ధరతో.

మార్చిలో 7 ఆర్డర్లు, ఏప్రిల్‌లో 9, మేలో 12. మొత్తం 28. అడిగినవారు 45. పాత ఏడుగురిలో ఇద్దరు మళ్ళీ వచ్చారు, ఒకరు “గుడ్డు కేకే కావాలి” అని నిష్ఠూరంగా వెళ్ళారు, మిగతా నలుగురి జాడ లేదు. కొత్తవాళ్ళలో తెలుగువాళ్ళు సగమే. గుజరాతీ కుటుంబాలు చాలా వస్తున్నాయి, అది మేం ఊహించలేదు. ఇప్పుడు “ఎగ్‌లెస్ దొరుకుతుందా” అని దాదాపు ఎవరూ అడగట్లేదు. నేరుగా తేదీ అడుగుతున్నారు.

ఒక ముసలాయన కేక్ తీసుకోవడానికి వచ్చి గిన్నెల పెట్టె చూపించమన్నారట. అక్క చూపించింది. ఏమీ అనకుండా తల ఊపి, డబ్బులిచ్చి వెళ్ళారట.

లెక్కలమాస్టారు · జూన్ 3

సంతోషం. కానీ మన మాటకే మొత్తం ఘనత కట్టబెట్టే ముందు రెండు అంకెలు వేరు చేసి చూద్దాం. వేసవి దగ్గరపడితే ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తారు, ఆర్డర్లు ఎలాగూ కొంత పెరుగుతాయి. ఋతువు వల్ల పెరిగేది అడిగేవారి సంఖ్య. అది 34 నుంచి 45కే పెరిగింది. అడిగినవారిలో కొన్నవారు ముందు 34లో 10, ఇప్పుడు 45లో 28. వందకి 29 ఉన్నది 62 అయింది, అదీ ధర పెరిగాక. ఎక్కువ మార్పు కుండ కారడం ఆగడం వల్లే వచ్చింది. కొత్త స్పాంజ్ పాత్ర ఎంత, మాట పాత్ర ఎంత అన్నది ఈ లెక్కలో తేలదు, రెండూ ఒకేసారి మార్చాం కదా.

ఓరుగల్లు_రవి · జూన్ 3

సరే, ధర కాడ నేను తప్పు. కానీ ఇప్పుడు బూస్ట్ కొడితే పనిచేస్తది, ఒప్పుకోండ్రి.

లెక్కలమాస్టారు · జూన్ 4

ఇప్పుడైతే ఒప్పుకుంటా. కానీ ఓవెన్ ఒప్పుకోవాలి కదా. వారాంతానికి ఎన్ని తీసుకుంటున్నారు?

కృష్ణాతీరం · జూన్ 4

నాలుగు. మేలో ఒక శనివారం ఆరు తీసుకుంది. మూడో విడత పిండి ముందే కలిపిపెట్టి, పిండిబొమ్మ గారు చెప్పినట్టే జిగురు పొర తెచ్చుకుంది. రెండు కేకులు మళ్ళీ చేసి, రాత్రి రెండింటికి పడుకుంది. అప్పటినుంచి నాలుగే.

ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఆగస్టులో ఇక్కడి మేళాలో స్టాల్ అడుగుతున్నారు. ముక్కలు కోసి చిన్న పెట్టెల్లో పెట్టి అమ్మచ్చా? రెండు, గుడ్డు పడని మూడేళ్ళ పాప తల్లి మూడుసార్లు ఫోన్ చేసి బతిమాలింది. అక్క మనసు కరిగిపోతోంది.

లండన్‌లో_లలిత · జూన్ 4

మేళాకి ముందే పెట్టెల్లో సర్ది తీసుకెళ్తే ఆ పెట్టె మీద పేరు, పూర్తి పదార్థాల పట్టిక ఉండాలి. అందులో గోధుమ, పాలు, పిస్తా, సోయా లాంటివి బొద్దుగా కనపడాలి. 2021 అక్టోబర్ నుంచి ఈ నిబంధన ఉంది. క్రీమ్ ఉన్నది 8 డిగ్రీలు దాటకూడదు, 5 దగ్గర ఉంచితే మేలు. ఆగస్టు ఎండలో ఐస్ పెట్టె మీద భరోసా పెట్టుకునే బదులు స్టాల్‌కి క్రీమ్ లేని చాక్లెట్ కేక్ ముక్కలు మాత్రం తీసుకెళ్ళమంటాను. ఇంటి ఆర్డర్లకి కూడా అలర్జీ వివరం రెండుసార్లు ఇవ్వాలి, కొనడం ఖాయం చేసుకోకముందు ఒకసారి, కేక్ చేతికిచ్చేటప్పుడు ఒకసారి. స్వాగత సందేశంలో పెట్టేయండి, మరిచిపోయే పని ఉండదు.

పాప విషయంలో నా జవాబు వద్దు అనే. ఆదివారం ఆమ్లెట్ ఆ వంటగదిలో ఉన్నంతకాలం వద్దు.

పిండిబొమ్మ · జూన్ 4

నాకు అంత కటువుగా అనిపించట్లేదు లలితగారూ. ఉన్న పరిస్థితి మొత్తం తల్లికి రాసి ఇచ్చి, నిర్ణయం ఆమెకే వదిలితే? ఏ బేకరీకి వెళ్ళినా “గుడ్డు ఆనవాళ్ళు ఉండవచ్చు” అనే కదా రాసి ఉంటుంది.

లండన్‌లో_లలిత · జూన్ 5

రాసి ఇచ్చినా, “మా కేక్ గిన్నెల్లో గుడ్డు పడదు” అన్న పెద్ద అక్షరాల ముందు ఆ చిన్న అక్షరాలు ఎవరి కంట పడతాయి? మన మాట అంత బాగా పనిచేస్తోంది కాబట్టే నాకు భయం. ఇక్కడ మీకూ నాకూ కుదరదు లెండి.

కృష్ణాతీరం · జూన్ 5

అక్క ఆ తల్లికి ప్రస్తుతానికి కాదని చెప్పింది. బావగారు ఆమ్లెట్ ఆఫీసు క్యాంటీన్‌కి మార్చుకుంటానంటున్నారు, రెండు ఆదివారాలు గడిచాక నమ్ముతాం.

పిండిబొమ్మ గారూ, జూలైలో ఒకరు 10 అంగుళాలది అడిగారు. కాదనలేక ఒప్పుకుంది. 8 అంగుళాల కొలతని 1.56తో గుణించి నిన్న ఒకటి చేసి చూస్తే అంచులు ఎండిపోయి మధ్య పచ్చిగా ఉంది.

పిండిబొమ్మ · జూన్ 5

గుణకారం సరిగ్గానే ఉంది. అంత వెడల్పులో వేడి మధ్యకి చేరేలోపు అంచు అయిపోతుంది. వేడి 150కి దించి గంటా పది నిమిషాల దగ్గర పుల్ల గుచ్చి చూడమనండి. టిన్ను చుట్టూ తడి టవల్ గుడ్డ పట్టీ కట్టి పిన్ను పెడితే అంచు నెమ్మదిస్తుంది. అప్పటికీ మధ్య ఉడకకపోతే పిండిని రెండు 10 అంగుళాల లోతు తక్కువ టిన్నుల్లో పలచగా పోసి, ఒకటి తర్వాత ఒకటి కాల్చి, రెంటినీ పొరలుగా పేర్చాలి. రెండో టిన్ను పిండి మాత్రం మొదటిది బయటికి తీశాకే కలపాలి.